కీబోర్డ్ లేని విండోస్ టాబ్లెట్‌లో స్క్రీన్‌షాట్: నా అనుభవం

నా దగ్గరున్నది సర్ఫేస్ గో 2. ప్రయాణంలో బరువెందుకని కీబోర్డ్ కవర్ ఇంట్లోనే వదిలేసి వెళ్లాను. అక్కడుండగానే మా అబ్బాయి కాలేజీ ఫీజు కట్టాల్సొచ్చింది. డబ్బు ఖాతాలోంచి పోయింది, తెరమీద రసీదు పేజీ వచ్చింది, కానీ దాన్ని డౌన్‌లోడ్ చేసే బటన్ ఎంత నొక్కినా పని చేయదు. ఆ పేజీలో ఉన్న లావాదేవీ నంబరే నాకు ఆధారం. ఇలాంటి సైట్లు కాసేపు ఊరుకుంటే లాగౌట్ చేసేస్తాయని తెలుసు కాబట్టి టెన్షన్ మొదలైంది. కీబోర్డ్ ఉంటే ప్రింట్ స్క్రీన్ కీ నొక్కి ఊరుకునేవాణ్ణి, ఇక్కడ ఉన్నవి పైఅంచున పవర్ బటన్, దాని పక్కన వాల్యూమ్ బటన్లు, అంతే.

ఈ టాబ్లెట్‌లో పవర్, వాల్యూమ్ అప్ కలిపి నొక్కాలి. సర్ఫేస్ ప్రో 4 దగ్గర్నుంచి వచ్చిన సర్ఫేస్ టాబ్లెట్లన్నిటికీ ఇదే పద్ధతి, విండోస్ 10, 11 ఉన్న వేరే కంపెనీల టాబ్లెట్లలో కూడా చాలావాటికి ఇదే పనిచేస్తుంది. వినడానికి ఒక్క ముక్కే, చేతిలో పెట్టుకుని చేస్తే మాత్రం కొంచెం తంటా ఉంది.

"కలిపి" అంటే రెండూ ఒకేసారి అనుకుంటాం గానీ, వేళ్లు ఎప్పుడూ సరిగ్గా ఒకేసారి దిగవు. పవర్ బటన్ ఒక్కటే నొక్కి వదిలినట్టు టాబ్లెట్‌కి అనిపిస్తే అది నిద్రలోకి పోతుంది, తెర నల్లబడుతుంది, మళ్లీ లేపి పిన్ కొట్టి లోపలికి రావాలి. రసీదు పేజీ అదృష్టవశాత్తూ అలాగే ఉంది, కానీ గుండె ఒక్కసారి జారింది. వాల్యూమ్ ముందు పడితే ఇంకో రకం: శబ్దం పెరిగి, తెరమీద వాల్యూమ్ పట్టీ కనిపిస్తుంది, ఆ తర్వాత స్క్రీన్‌షాట్ పడినా ఆ పట్టీ కూడా బొమ్మలో దర్జాగా కూర్చుంటుంది.

నాకు కుదిరిన పద్ధతి ఇది. ఎడమచేతి చూపుడు వేలు పవర్ మీద, మధ్యవేలు వాల్యూమ్ అప్ మీద ముందే ఆనించి ఉంచాలి, నొక్కకుండా. తర్వాత పవర్ నొక్కి, దాన్ని వదలకుండానే వెంటనే వాల్యూమ్ అప్ కూడా నొక్కి, రెండు వేళ్లూ ఒక్కసారిగా తీసేయాలి. అసలు కీలకమంతా పవర్‌ని ఒంటరిగా వదలకపోవడంలోనే ఉంది. అలాగని గట్టిగా పట్టుకుని కూర్చోకూడదు, పవర్ కొన్ని సెకన్లు నొక్కే ఉంచితే షట్‌డౌన్ చేయడానికి కిందికి జరపమనే తెర వస్తుంది. పాత సర్ఫేస్‌లు మొండికేసినప్పుడు బలవంతంగా ఆపడానికి చెప్పే చిట్కా కూడా ఈ రెండు బటన్లనే 15 సెకన్లు నొక్కి ఉంచడం, కాబట్టి ఇక్కడ తేడా అంతా ఎంతసేపు నొక్కాం అన్నదే. రెండు వాల్యూమ్ బటన్లలో ఏది పెంచేదో అనుమానం ఉంటే ముందు దాన్నొక్కదాన్నే నొక్కి పట్టీ ఎటు కదులుతుందో చూసుకుంటే సరి.

పడిందో లేదో ఎలా తెలుస్తుంది? సరిగ్గా పడితే తెర క్షణంపాటు మసకబారి మళ్లీ వెలుగుతుంది. పూర్తిగా నల్లబడి అలాగే ఉండిపోతే అది నిద్ర. ఈ రెంటి మధ్య తేడా ఒకసారి చూస్తే ఇక మరిచిపోరు. అయితే సెట్టింగుల్లో విండో యానిమేషన్లు ఆపేసిన వాళ్లకి ఆ మసక కూడా కనిపించదు, కాబట్టి ఫోల్డర్ తెరిచి చూసుకోవడమే ఖాయం. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో `Pictures`, దాని లోపల `Screenshots`. `Screenshot (1).png` లాంటి పేరుతో అక్కడ ఉంటుంది.

నాకైతే అక్కడ లేదు! తెర మసకబారింది, కళ్లారా చూశాను, ఫోల్డర్ మాత్రం ఖాళీ. సంగతేమిటంటే వన్‌డ్రైవ్‌లో స్క్రీన్‌షాట్లను తనంతట తాను దాచుకునే సెట్టింగ్ ఒకటుంది. ఎప్పుడో అది అడిగితే సరే అనేసి ఉంటాం, అప్పట్నుంచి బొమ్మలన్నీ వన్‌డ్రైవ్ లోపలి `Pictures` కిందున్న `Screenshots`లోకి పోతుంటాయి. చూస్తే అక్కడ భద్రంగా ఉంది.

తెరిచి చూశాక ఇంకో చిక్కు. ఈ బటన్లు తెరమీద ఆ క్షణంలో కనిపించేదాన్నే తీస్తాయి, పేజీలో కిందికి జరిపితే వచ్చే భాగం రాదు. నా రసీదులో పైన పేరు, రోల్ నంబరు, అన్నిటికంటే కింద లావాదేవీ నంబరు, కట్టిన సొమ్ము. అడ్డంగా పట్టుకుంటే సగమే పడుతోంది. టాబ్లెట్‌ని నిలువుగా తిప్పాను, 1920×1280 ఉన్న తెర 1280 వెడల్పు, 1920 ఎత్తు అయింది, రసీదంతా ఒక్క బొమ్మలో ఇమిడిపోయింది. రెండు ముక్కలుగా పంపితే ఈ రెండూ ఒకే రసీదువా అని ఆఫీసు వాళ్లు అడుగుతారు, ఆ తలనొప్పి తప్పింది. నిలువుగా తిప్పినప్పుడు బటన్లు పైఅంచు నుంచి పక్కకి వస్తాయి, నిజానికి అప్పుడే పట్టుకోవడం తేలిక. తెరమీద టచ్ కీబోర్డ్ తెరుచుకుని ఉంటే మాత్రం ముందు మూసేయాలి, లేకపోతే అదీ బొమ్మలోకి వచ్చి సగం పేజీ మింగేస్తుంది.

ఇదంతా అయ్యాక మా బాబాయికి ఫోన్‌లో చెప్తుంటే, ఆయన తన పాత టాబ్లెట్ తీసి అక్కడే మొదలుపెట్టారు.

"ఒరేయ్, నువ్వు చెప్పినట్టే నొక్కాను, ఆరిపోతోందిరా!"

"మీదే మోడల్ బాబాయ్? తెర చుట్టూ ఉన్న నల్ల అంచుమీద విండోస్ గుర్తు ఏమైనా ఉందా?"

"కుడి పక్కన ఉంది. నాలుగు గళ్ల కిటికీలా."

అయితే అది సర్ఫేస్ 3 గానీ, సర్ఫేస్ ప్రో 3 గానీ అయ్యుండాలి. వాటికి లెక్క వేరు. పవర్ జోలికే పోకూడదు, ఆ విండోస్ గుర్తుని వేలితో నొక్కి ఉంచి వాల్యూమ్ డౌన్ నొక్కాలి. అప్ కాదు, డౌన్. అంతకుముందు వచ్చిన సర్ఫేస్‌లు, విండోస్ 8 కాలంలో ఆ గుర్తుతో వచ్చిన వేరే టాబ్లెట్లు కూడా ఈ దారివే. ఆ గుర్తు ఉండీ వాల్యూమ్ అప్ నొక్కితే నేరేటర్ మొదలై తెరమీదున్నవన్నీ గట్టిగా చదవడం మొదలుపెడుతుంది. బాబాయికి అదే జరిగింది, అవతల ఎవరో ఇంగ్లిష్‌లో గడగడా మాట్లాడుతున్న గొంతు నాకు ఫోన్‌లో వినిపించింది. మళ్లీ అవే రెండు నొక్కితే ఆగిపోయింది. ఈసారి డౌన్ నొక్కమన్నాను, తెర మసకబారిందన్నారు.

ఫోల్డర్ తెరిచాక ఆయనకి ఇంకో సందేహం. "నేను తీసింది ఒక్కటేగా, నలభై ఏడు అని ఉందేంట్రా?"

పాతవి తీసేసినా విండోస్ ఆ వరుస నంబరుని వెనక్కి తిప్పదు, ఆగినచోటు నుంచే లెక్కపెట్టుకుంటూ పోతుందని చెప్పాను. "అయితే మిగతా నలభై ఆరూ మీ పిన్ని తీసినవి" అని ఫోన్ పెట్టేశారు.