ఎంత తాగావు?

ఆసుపత్రిలో నన్ను మొదట అడిగిన మాట అదే. "ఎంత తాగావు?" రెండో ప్రశ్న, "ఇంట్లో గొడవలా?" నోట్లోంచి చొంగ కారిపోతోంది, చొక్కా పిండితే నీళ్లు వచ్చేంత చెమట, కంటిపాపలు చీమతలంత అయిపోయాయట. పురుగుమందు విషం అని చూడగానే వాళ్లకు తెలిసిపోయింది. అది తాగినవాడు కావాలనే తాగి ఉంటాడని కూడా వాళ్లే తేల్చేసుకున్నారు. నేను తాగలేదని తల అడ్డంగా ఊపుతుంటే మా అన్నయ్య చెవి దగ్గరకు వచ్చి "నిజం చెప్పరా, ఏమీ అనం" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

నేను చేసిందల్లా అన్నంలో పచ్చడి వేసుకోవడమే. ఆ రాత్రి ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను. నూనె తక్కువైందనిపించి మూలనున్న అయిదు లీటర్ల డబ్బా పూర్తిగా తలకిందులు చేసి, అడుగున మిగిలిన కాస్త నూనే పోసుకున్నాను. ఏదో ఘాటు వాసన తగిలింది కానీ పచ్చడి కారంలో కలిసిపోయింది. గంట తిరక్కముందే ట్యూబ్‌లైటు మసకబారినట్టయింది, కడుపు మెలిపెట్టింది, గుండెల్లో కఫం గురగుర. పక్కింటాయన నన్ను కారులో పడేసుకుని తీసుకెళ్లకపోతే ఇది రాసేవాణ్ణి కాదు.

తర్వాత వాంతులు, సెలైన్లు, విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు. నర్సులు మాటిమాటికీ నా చంకలో చెయ్యిపెట్టి చూసేవారు. చెమట ఆరి చంక పొడిగా ఉంటే, ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గితే, మందు సరిపోయినట్టట. తెల్లారేసరికి నాలుక అట్టలా ఎండిపోయింది. కర్టెన్ మీద లేని చీమలు పాకాయి. గండం గడిచిందన్నారు.

గడవలేదు. రెండో రోజు రాత్రి మంచినీళ్లు తాగుదామని తల ఎత్తబోతే దిండు మీంచి లేవలేదు. చేతులు కదులుతున్నాయి, తెలివి ఉంది, మెడ మాత్రం నాది కానట్టు పడి ఉంది. డ్యూటీ డాక్టరు వచ్చి "నీరసమే, పడుకో" అనేసి వెళ్లిపోయాడు. ఆయన పేరు రాయను గానీ ఆ "నీరసమే"ని క్షమించలేదు. కాసేపటికి వచ్చిన నైట్ నర్సు "ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరు?" అంది. ఆరు దాటలేదు. పావుగంట ఆగి మళ్లీ అడిగితే నాలుగు. ఆవిడ పరుగెత్తింది. ఈ రకం విషంలో మొదటి లక్షణాలు తగ్గాక, ఒకటి నుంచి నాలుగు రోజుల్లోపు మెడ కండరాలు, ఆ తర్వాత ఊపిరి కండరాలు పడిపోవచ్చని నాకు తర్వాత తెలిసింది. గొంతులో గొట్టం వేసేముందు నేను చూసింది ఆవిడ ముఖమే. ఎనిమిది రోజులు వెంటిలేటరు మీద ఉన్నాను. ఏ దేవుడు ఆవిడ చేత ఆ లెక్క అడిగించాడో గానీ, ఆయనకు రోజూ ఒక దండం పెడుతున్నాను.

"ఏ డబ్బాలోది తిన్నారు?" అని అన్నయ్యను అడిగింది కూడా ఆవిడే. అప్పుడు వదిన ఏడ్చింది. ఖాళీ పురుగుమందు డబ్బాను వేడినీళ్లు, సబ్బుపొడి వేసి మూడుసార్లు కడిగి ఎండబెట్టిందట. వాసన పోయింది కదా అని అందులో నూనె పోసింది. ఆ డబ్బాకున్న పిడి బోలుగా ఉంటుంది. దాని లోపలికి బ్రష్ వెళ్లదు, నీళ్లూ సరిగా తిరగవు. లోపల చిక్కగా మిగిలిన ఇలాంటి మందు నూనెలో సరిగా కలవదు, బరువుకు అడుక్కి దిగుతుంది. పదిరోజులు పై నూనె తిన్నవాళ్లకు ఏమీ కాలేదు. నేను తలకిందులు చేసి వంపుకున్నది ఆ అడుగూ, ఆ పిడిలోదీ. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లా బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. అక్కడా విషం వంటనూనెలోనే దొరికింది, మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు. అప్పుడు ఆ వార్త చదివి "అయ్యో" అనుకుని పేపరు మడిచేసినవాణ్ణే నేను.

వదిన మీద కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆవిడ మూడుసార్లు కడిగింది. మూడుసార్లు కడగమనేది డబ్బాను పారేసేముందు చెయ్యాల్సిన పని. ఆ కడిగిన నీళ్లు కూడా పిచికారీ ట్యాంకులోనే పొయ్యాలి. తిండికి వాడుకోవడానికి అని ఎవరూ చెప్పరు. డబ్బా అడుగున త్రికోణంలో 2 అంకె చూసి, పాల డబ్బాకీ ఇదే ఉంటుంది కదా అన్నాడు అన్నయ్య. అది ప్లాస్టిక్ రకం చెప్పే అంకె. ముందు అందులో ఏం పోశారో దానికేం తెలుసు!

ఇంటికి వచ్చిన రోజే మూలన మూత బిగించి పెట్టిన ఆ డబ్బాను పెరట్లోకి తెచ్చాను. "పారేస్తాలే" అంది వదిన. పారేస్తే ఇంకెవరో నీళ్లకు ఎత్తుకెళ్తారు. చేతులకు కవర్లు చుట్టుకుని, అడుగున ఒకటి, పిడికి ఒకటి, పక్కలకు రెండు, స్క్రూడ్రైవరుతో బొక్కలు పొడిచాను. మూడో బొక్కకే ఆయాసం వచ్చింది. నాలుగోది వదిన పొడిచింది.