మా చదరంగం క్లబ్బుకు పేరు దొరికిన తీరు

బడిలో చదరంగం క్లబ్బుకు అనుమతి, గది, బోర్డులు అన్నీ ఒక్క వారంలో కుదిరాయి. పేరు దగ్గరే మూడు వారాలు పోయాయి. నిన్ననే తేలింది.

స్టాఫ్‌రూములో అడగడం నా మొదటి పొరపాటు. చదరంగం ఆడని వాళ్లకే పేర్ల మీద గట్టి అభిప్రాయాలుంటాయి. ఒకరు ‘గ్రాండ్‌మాస్టర్స్’ అన్నారు. 2500 రేటింగు, పెద్ద పోటీల్లో బాగా ఆడితే వచ్చే నార్మ్‌లు సాధించినవారికి అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ఇచ్చే బిరుదది. గుర్రం ఎటు దూకుతుందో తెలియని పిల్లవాడు ఆ పేరు చూస్తే గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. ‘చిట్టి బంట్లు’ అంటే పోటీలకు వెళ్లే పెద్ద పిల్లలు మొహం చిట్లించారు.

అప్పుడు నా పాండిత్యం నిద్రలేచింది. బాగా ఆడేవాళ్లు మెచ్చుకుంటారని ‘జుగ్‌జ్వాంగ్’ అనే జర్మన్ మాటను నల్లబల్ల మీద రాశాను. ఆరో తరగతి పిల్లవాడు కూడబలుక్కుని చదవబోయి మూడుసార్లు తడబడ్డాడు. గది ఘొల్లుమంది. వాడు తల దించుకున్నాడు. వెనక నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, “సర్, ఏ ఎత్తు వేసినా నష్టమే, అయినా వేయక తప్పదు, అదే కదా దీని అర్థం? క్లబ్బులో చేరడం కూడా అంతేనా?” అంది. మళ్లీ నవ్వులు. ఈసారి తల దించుకున్నది నేను. ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాను, ఆ మాట నాకు తట్టలేదు.

ఆ అమ్మాయే బోర్డు ముందుకు లాగి మూడు పావులు పెట్టింది. ఏడో వరుసలో తెల్లబంటు, దాని వెనకే ఆరో వరుసలో తెల్లరాజు, బంటుకు ఎదురుగా ఎనిమిదో వరుసలో నల్లరాజు. “ఎత్తు నల్లది అయితే కదలడానికి గడి లేదు, స్టేల్‌మేట్, ఆట డ్రా. ఎత్తు తెల్లది అయితే రాజును ఒక గడి పక్కకు జరిపితే చాలు. నల్లరాజుకు మిగిలేది ఒక్క గడే. అక్కడికి వెళ్తే దారి వదిలినట్టే. సర్ రాసింది దీని గురించే.” తెల్లరాజును మళ్లీ జరిపి, బంటును చివరిదైన ఎనిమిదో గడిలోకి తోసింది. ఇందాక తడబడిన పిల్లవాడు “మంత్రి అయింది!” అని అరిచాడు. ఆటలో వాడికి తెలిసిన సంగతి అదొక్కటే.

“ఎనిమిదో గడి అని పెడదాం సర్” అంది ఆ అమ్మాయి.

మర్నాడు ఏ వివరణా ఇవ్వకుండా అన్ని పేర్లూ చదివి వినిపించాను. రెండు రోజుల తరువాత గుర్తున్నవి రాయమన్నాను. మీరూ ఈ పరీక్ష పెట్టండి, చేతులెత్తించే ఓటింగు మాత్రం వద్దు, చిన్నవాళ్లు పెద్దవాళ్ల వైపు చూసి ఎత్తుతారు. ‘ఎనిమిదో గడి’ కొత్తవాళ్ల కాగితాల్లోనూ, పోటీలకు వెళ్లేవాళ్ల కాగితాల్లోనూ ఉంది. నా జర్మన్ మాటను ఒక్కరే రాశారు, అదీ తప్పుగా.

దరఖాస్తులో ‘పేరు సూచించినవారు’ అన్నచోట ఆఫీసువాళ్లు నా పేరు రాసేశారు. మార్చమని ఈ ఉదయమే రాసిచ్చాను.