చట్నీ జార్ రాని ఆదివారం

పొద్దున అమ్మ సర్వప్పకు పిండి కలిపి పెట్టుకుని పచ్చిమిర్చి, వెల్లుల్లి రుబ్బుదామని కొత్త మిక్సీ డబ్బా తెరిచింది. లోపల థర్మాకోల్‌లో మూడు జార్లకు మూడు గుంతలు. రెండింట్లో జార్లున్నాయి, మూడోది ఖాళీ. రానిది చట్నీ జారే. అమ్మ ఏమీ అనకుండా వెనక వసారాలోకి వెళ్లి రోలు కడగడం మొదలుపెట్టింది. ఏమీ అనకపోవడమే అసలు గొడవ. ఆ మిక్సీ బాపు కాజీపేట రైల్వే దోస్తులను అడిగి, ఆరా తీసి, ఆన్‌లైన్‌లో తనే బుక్ చేసింది మరి.

నేను పేపర్ చదువుతుంటే బాపు ఫోన్ పట్టుకుని పక్కన కూర్చున్నాడు. కంపెనీ యాప్‌లో చాట్ తెరిచి, మైకు నొక్కి తెలుగులోనే చెప్పాడు: "మిక్సీ వచ్చింది, చిన్న జార్ రాలే. డబ్బా ఇప్పుడే తెరిచినం." రెండు సెకన్లు కూడా కాలేదు, అయిదు వరుసల జవాబు దిగింది. నమస్కారం, మీకు కలిగిన అసౌకర్యానికి హృదయపూర్వకంగా చింతిస్తున్నాము, కొత్త మిక్సీ కోసం మీరెంత ఆశగా ఎదురుచూసి ఉంటారో అర్థం చేసుకోగలము, ఇలా. పైన అనన్య అని పేరు, నవ్వుతున్న అమ్మాయి బొమ్మ.

"ఎంత మంచిగ మాట్లాడుతుంది చూడు బిడ్డా" అన్నాడు బాపు.

పేపర్ మడిచి పక్కన పెట్టాను. పెళ్లికి ముందు రెండేళ్లు మాదాపూర్‌లో చాట్ ప్రాసెస్‌లో, అంటే కస్టమర్లకు చాట్‌లో జవాబులు రాసే పనిలో ఉన్నాను. ఎదురుగా రాసేది మనిషా మిషనా అన్నది నాకు ఇప్పటికీ ఒక దురద లాంటిది.

జవాబు వేగంగా వచ్చింది కాబట్టి మిషనే అనడానికి లేదు. మా దగ్గర క్షమాపణకు ఒక షార్ట్‌కట్ ఉండేది. రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే నాలుగు వరుసలు పడేవి. అందులో తప్పుల్లేని భాష, అతి మర్యాద, 'అర్థం చేసుకోగలము' అన్నీ ఉండేవి. మా జవాబులు తనిఖీ చేసే క్వాలిటీ వాళ్లు దానికే మార్కులు వేసేవాళ్లు. సొంత మాటల్లో 'అయ్యో' అంటే మార్కు పోయేది. మిషన్‌లా రాయమని మనుషులకు జీతమిచ్చి నేర్పించారు, కాబట్టి మర్యాదను చూసి ఏమీ తేల్చలేం. పేరునూ నమ్మలేం. మిషన్‌కు అనన్య అని పెడతారు, మా ఫ్లోర్‌లో కూర్చున్న అసలు అమ్మాయిలకేమో పలకడానికి తేలికని వేరే పేర్లు ఇచ్చేవారు.

నిజానికి చాట్‌లో కనిపించే మాటలు మూడు రకాలు. అప్పటికప్పుడు మనిషి కొట్టినవి, మనిషే నొక్కితే పడే రెడీమేడ్‌వి, మిషన్ పుట్టించినవి. మొదటి రకాన్ని పట్టడం తేలిక. తిరకాసంతా తర్వాతి రెండింటి మధ్యే. దానికి ఒక చిన్న ఉపాయం ఉంది: అడిగిందే మళ్లీ అడగాలి.

బాపు చేత అడిగించాను. "జార్ ఎప్పుడొస్తది?" జవాబు: మీ జార్ 48 గంటల్లో చేరుతుంది, దయచేసి ఓపిక పట్టండి. నిమిషం ఆగి మళ్లీ, అక్షరం మార్చకుండా అదే ప్రశ్న. ఈసారి, మీ ఆందోళన సహజమే, మీ జార్ రాబోయే రెండు రోజుల్లో మీకు అందుతుంది, అప్పటివరకు సహకరించగలరు. మూడోసారి అడిగితే ఇంకో కొత్త అల్లిక, మళ్లీ అంతే పొడవు. రెడీమేడ్ మాటయితే ఇలా మారదు, మొదటిసారి ఎక్కడ కామా ఉందో మూడోసారీ అక్కడే ఉంటుంది. సొంతంగా కొట్టే మనిషయితే పొట్టిగా అయిపోతాడు. మూడోసారికి 'చెప్పాను కదండీ, రెండు రోజులు' అంటాడు. విషయం ఒకటే ఉండి, ప్రతిసారీ పూర్తి కొలతతో కొత్త బట్టలు తొడుక్కుని వచ్చిందంటే అది పుట్టించినదే. అలసట లేదు దానికి.

ఇంకొకటి కూడా గమనించాను. బాపు మధ్యలో ఒక మంచి మాట అన్నాడు. "డబ్బా మీద టేపు రెండుసార్లు వేసినట్టున్నది, కింద పాత టేపు చింపిన జాడ ఉన్నది." సపోర్టులో పనిచేసిన ఎవరికైనా అక్కడ చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఎవరో వాపసు చేసిన డబ్బాను మళ్లీ అమ్మకానికి పంపారేమో అని వెంటనే ఫోటో అడుగుతారు. అనన్య ఏం చేసిందంటే, డబ్బాపై రెండుసార్లు టేపు వేసినట్లు తెలియజేసినందుకు ధన్యవాదాలు అంది. మా మాటను చక్కగా మాకే అప్పజెప్పి ముందుకెళ్లిపోయింది. మాట అందింది కానీ, దాని నుంచి ప్రశ్న పుట్టలేదు.

చివరగా ఒక అబద్ధం వేసి చూశాను. 'ఇందాక నాలుగు జార్లు వస్తాయన్నారు కదా' అని నేనే కొట్టాను. ఎవరూ అనలేదు. "అవును, గందరగోళానికి క్షమించండి, మీ మోడల్‌తో నాలుగు జార్లు వస్తాయి" అని ఒప్పేసుకుంది. మనిషయితే పైకి జరిపి చూసుకుంటాడు. రేటింగ్ భయంతో సారీ చెప్పినా, లేని నాలుగో జార్‌ను మాత్రం ఒప్పుకోడు, రేపు దానికి జవాబు చెప్పాల్సింది అతనే. ఈ పరీక్షకు అన్ని మిషన్లూ పడవు లెండి. కొన్ని 'నేను అలా అనలేదు' అని గట్టిగానే నిలబడతాయి. అందుకే నేను దీన్ని చివరికి ఉంచుకుంటాను.

బాపుకు ఈ పరిశోధన నచ్చలేదు. "నలభై ఎనిమిది గంటలన్నది కదా, అయిపాయె" అన్నాడు. రిక్వెస్ట్ నంబర్ ఏది అని అడిగాను. మెసేజ్ వస్తుందని అనన్య అంది. పది నిమిషాలైనా రాలేదు, ఆర్డర్ పేజీలో కూడా ఏమీ మారలేదు. పంపుతున్నామని రాయడం ఒకటి, పంపే పని సిస్టమ్‌లో పెట్టడం ఇంకొకటి. కొన్ని కంపెనీల్లో మిషన్‌కు రెండోది చేసే వీలు కూడా ఇస్తారు, అప్పుడు నంబర్ వెంటనే వస్తుంది. ఇక్కడ మాట మాత్రమే వచ్చింది. ఆ మాటల స్క్రీన్‌షాట్లు తీసి పెట్టాను. కెనడాలో ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒకాయనకు నానమ్మ చనిపోయినప్పుడు ఇలాగే లేని సౌకర్యం చెప్పింది. ఇప్పుడు పూర్తి ధరకు టికెట్ కొనుక్కో, తగ్గింపు కోసం తర్వాత 90 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకో అని. ఆయన ఫిర్యాదు చేస్తే, ఆ చాట్‌బాట్ చేసినదానికి అదే బాధ్యురాలు అన్న ధోరణిలో కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి డబ్బు ఇప్పించింది. ఆయన దగ్గర చాట్ స్క్రీన్‌షాట్ ఉంది. మాకు పోయింది చట్నీ జారే అయినా, తీసి పెట్టుకుంటే పోయేదేముంది.

మనిషితో మాట్లాడాలి అని నాలుగుసార్లు అడిగితే లైన్‌లో ఆరో నంబర్ అని చూపించింది. ఈలోపు రోట్లో పచ్చిమిర్చి నలిగి ఇల్లంతా ఘాటు. బాపు రెండుసార్లు తుమ్మాడు. పద్నాలుగు నిమిషాల తర్వాత పేరు మారింది, 'నమస్కారం, మీకు సేవ చేయడం మా అదృష్టం' అని నిండు వాక్యం పడింది.

"ఇది సుత మిషనే" అన్నాడు బాపు, నా దగ్గర నేర్చుకున్న చదువంతా చూపిస్తూ.

ఆగమన్నాను. అది రెడీమేడ్ పలకరింపు. ఆ తర్వాత దాదాపు నిమిషం ఏమీ రాలేదు. మనిషి దగ్గర ఆలస్యం ఇలాగే ఎగుడుదిగుడుగా ఉంటుంది. నేను చేసినప్పుడు ఒకేసారి మూడు చాట్లు నడిపేవాళ్లం, పక్క కిటికీలో గొడవ ముదిరితే ఇక్కడ మౌనం. కావాలని ఆలస్యం కలిపే మిషన్లూ ఉన్నాయి, టైప్ చేస్తున్నట్టు మూడు చుక్కలూ ఆడిస్తాయి. కానీ ఆ ఆలస్యం ఎక్కువగా మాట పొడవును బట్టే ఉంటుంది. చిన్న 'సరే'కు నిమిషంన్నర పట్టి, పెద్ద పేరా మూడు సెకన్లలో పడిందంటే అక్కడ రెండు చేతులు, కొన్ని షార్ట్‌కట్‌లు ఉన్నట్టు.

అప్పుడు వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: 'సర్ ఆ టేపు దగ్గర ఫొటో పెట్టండి'. వెంటనే ఇంకోటి, 'స్టికర్ కూడా'. తర్వాత ఇంకాసేపటికి, 'మేడం మీ ఫ్రిజ్ రేపు మధ్యాహ్నం లోపు టెక్నీషియన్ వస్తాడు'. బాపు నా మొహం చూశాడు. మాకు ఫ్రిజ్ గొడవ లేదు. నాలుగు సెకన్లకు, 'సారీ సర్ వేరే చాట్‌ది'.

నాకు నవ్వాగలేదు. ఒకసారి నేను కూడా ఒక పెద్దాయనకు ఎవరి చీర రీఫండో చెప్పి, టీమ్ లీడర్ చేత తిట్లు తిన్నాను. పక్క కిటికీలో ఇంకొకరు తొందరపెడుతుంటే వచ్చే తప్పు అది.

ఫొటోలు చూశాక అతను చెప్పింది మాకు నచ్చేది కాదు. జార్ విడిగా స్టాక్‌లో లేదు, 48 గంటలు కుదరదు, మొత్తం మిక్సీ మార్చి ఇవ్వాల్సిందే, మంగళవారం మనిషి వస్తాడు, థర్మాకోల్ పారేయకండి అన్నాడు. అతను అది రాస్తుండగానే బాపు ఫోన్‌కు రిక్వెస్ట్ నంబర్‌తో మెసేజ్ వచ్చింది. చివర్లో మాత్రం 'మీ రోజు ఆనందంగా గడవాలని మనసారా కోరుకుంటున్నాము' అని ఒక ఇస్త్రీ వాక్యం పడింది. అది అతను కొట్టింది కాదు. ఈమధ్య ఏజెంట్ల తెరమీద మిషనే జవాబు రాసి చూపిస్తుందట, నచ్చితే నొక్కడమేనని నాతో పనిచేసిన పిల్ల చెప్పింది. కాబట్టి ఒకే చాట్‌లో ఒక వరుస మనిషిది, ఒక వరుస మిషన్‌ది కావచ్చు.

మధ్యాహ్నం అమ్మ గిన్నెలో సర్వప్ప కాల్చింది, రోట్లో నూరిన కారం కాబట్టి అక్కడక్కడా వెల్లుల్లి ముక్కలు పంటికి తగిలాయి. రెండోది తింటుంటే చాట్ ఎలా ఉందో చెప్పమని రేటింగ్ అడుగుతూ యాప్ మోగింది. ముందు అనన్యకు, తర్వాత ఆ అబ్బాయికి. నేను చేయి కడుక్కుని వచ్చేసరికి బాపు ఇచ్చేసి కూర్చున్నాడు. ఎన్ని ఇచ్చావని అడిగాను.

"ఆ పిల్లకు అయిదు. మర్యాదగ మాట్లాడింది. గీయనకు మూడిచ్చిన, మనకు ఫ్రిజ్ సంగతి చెప్పిండు కదా."

మా ఫ్లోర్‌లో మూడు వస్తే ఆ వారం ఇన్సెంటివ్ పోయేది. మార్చడానికి వీలుందేమోనని యాప్‌లో చాలాసేపు వెతికాను. లేదు.