ఆగస్టు 15, రాత్రి – జారుముడి

ఈ ఏడాది మా బడిలో జెండా సిద్ధం చేసే పని నాకు అప్పగించారు. నిరుడు ముఖ్య అతిథి తాడు లాగినప్పుడు జెండా విచ్చుకోలేదు. ఆయన గట్టిగా లాగే కొద్దీ ముడి మరింత బిగుసుకుపోయింది. చివరకు మూటను కిందికి దించి, ముడి విప్పి, మళ్లీ పైకి పంపేదాకా పిల్లలు సెల్యూట్ చేసిన చేతులు దించాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డారు.

తప్పు ఎక్కడ జరిగిందో నిన్న సాయంత్రం డ్రిల్ మాస్టారు వరండాలో కూర్చుని చూపించారు. జెండాను మడిచి మూటగా చేశాక తాడుతో రెండు చుట్లు చుట్టి, చివరి చుట్టు కిందినుంచి తాడు కొసను కాకుండా, తాడును మడిచి ఆ మడతను మాత్రమే దూర్చాలట. అప్పుడు కొస లాగితే మడత జారి బయటికి వస్తుంది. నిరుడు కొసనే దూర్చి ముడి బిగించారు, పైగా తెల్లవారుజామున వాన పడింది. నూలు తాడు తడిస్తే ఉబ్బి ముడిని పట్టేస్తుంది. అందుకే తాడును రాత్రంతా స్టాఫ్ రూములోనే ఉంచి, ఉదయం ఏడు గంటలకు కప్పీకి ఎక్కించాము. మడవకముందు కాషాయం పైకి ఉందో లేదో ఇద్దరం విడివిడిగా చూశాము. జెండా విప్పేముందు దానిలో పూరేకులు ఉంచడానికి జెండా నియమావళి అనుమతిస్తుంది కాని, తడి రేకులు గుడ్డకు అంటుకుపోతాయి కనుక గులాబీ రేకులను ముందే కాగితం మీద ఆరబెట్టాను. కట్టిన మూటను మూడుసార్లు లాగి చూశాము. రెండోసారి ఒక చుట్టు చిక్కుకుంది, దాన్ని వదులు చేశాము.

నిజానికి స్వాతంత్ర్య దినోత్సవం నాడు జెండాను కింది నుంచి పైకి ఎగురవేయాలి, పైన కట్టి ఉంచి విప్పడం జనవరి 26 పద్ధతి. ఆ మాట అన్నాను. రేకులు రాలకపోతే పిల్లలు చిన్నబుచ్చుకుంటారని హెడ్‌మాస్టారు నవ్వి ఊరుకున్నారు.

ఉదయం తాడు లాగగానే మూట విచ్చుకుంది. యాభై రెండు సెకన్ల జాతీయగీతం పూర్తయ్యేదాకా ముందు వరుసలోని ఒకటో తరగతి పాప ముక్కు మీద ఒక రేకు అంటుకునే ఉంది, ఆమె కదలలేదు. తరువాత ప్రసంగాలు, అవి ఎప్పటిలాగే సాగాయి. ఐదో తరగతి పిల్లల నృత్యంలో మాత్రం పాట మధ్యలో ఆగిపోయింది. వాళ్లు ఆగలేదు, ముందు రోజు నేల మీద సున్నంతో పెట్టిన చుక్కల ప్రకారం అడుగులు వేసుకుంటూ, లెక్క నోటితోనే పలుకుతూ పూర్తి చేశారు. కార్యక్రమం అయ్యాక వాళ్లతోనే నేల మీద పడిన కాగితపు జెండాలు ఏరించాము. నలభై దాకా దొరికాయి.

సాయంత్రం జెండాను మెల్లగా దించాము. అంచు కొంచెం తడిసి ఉంది, ఇప్పుడు నీడన తీగ మీద ఆరుతోంది. కుట్టు మడతలో ఇంకా రెండు రేకులు ఉండిపోయాయి, ఇస్త్రీ చేసేముందు వాటిని తీసేయాలి.