బాబాయి కొట్టుకు వచ్చిన నోటీసును ఒక్క కాగితంలోకి తెచ్చిన వారం

2022 ఏప్రిల్‌లో తెనాలిలోని మా బాబాయి కిరాణా కొట్టుకు ఒక నోటీసు వచ్చింది. పై పేజీలో నాలుగు వాక్యాలు ఉన్నాయి. ప్లాస్టిక్ నిబంధనలు పాటించాలి, లేదంటే చర్యలు తప్పవు అని వాటి సారాంశం. దాని వెనుక, కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2021 ఆగస్టు 12న గెజిట్‌లో ప్రచురించిన నోటిఫికేషన్ నకలు మొదట హిందీలోనూ తర్వాత ఇంగ్లిషులోనూ ఉంది. "నేను ఏం మానెయ్యాలి, ఎప్పటి నుంచి, మానకపోతే ఏమవుతుంది? ఈ మూడూ ఒక కాగితం మీద రాసిపెట్టమ్మా" అని బాబాయి ఆ కాగితాలు నా చేతిలో పెట్టారు.

ఒక పూటలో అయిపోతుందనుకున్నాను. వారం పట్టింది.

మొదటి చిక్కు ఏమిటంటే, అది సవరణ నోటిఫికేషన్. ఫలానా నియమంలో ఫలానా మాటలకు బదులు ఈ మాటలు చేర్చాలి అని ఉంటుందే తప్ప, అసలు నియమం అందులో పూర్తిగా ఉండదు. దాన్ని ఎన్నిసార్లు చదివినా దుకాణదారు ఏం చేయాలో తెలియదు. అందుకని 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు అచ్చు తీయించి, మారిన మాటలను పెన్సిలుతో వాటిలోనే ఎక్కించాను. అప్పుడు గాని విషయం నా కంటికి ఆనలేదు. చిల్లర వ్యాపారుల గురించి విడిగా ఒక నియమం ఉందని, అది ఈ సవరణ కాగితంలో లేదని కూడా అప్పుడే తెలిసింది. నిబంధనల ప్రకారం తయారై, ముద్ర ఉన్న కవర్లలో తప్ప సరుకు ఇవ్వకూడదని, ఇస్తే స్థానిక సంస్థ బైలా ప్రకారం జరిమానా కట్టాలని 14వ నియమం చెబుతుంది.

ఆ తర్వాత ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఈ పని ఎవరు చేయాలి అని అంచున రాసుకున్నాను. ఉత్పత్తిదారుకు, దిగుమతిదారుకు, పురపాలక సంఘానికి చెందినవన్నీ కొట్టేస్తే బాబాయికి మిగిలింది చాలా తక్కువ. ఆ తక్కువలోనే ఒక మాట నన్ను కట్టిపడేసింది. 2022 జూలై 1 నుంచి కొన్ని వస్తువుల తయారీ, దిగుమతి, పంపిణీ, అమ్మకం, వాడకంతో పాటు నిల్వ కూడా నిషేధం. జాబితాలో ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, ప్లాస్టిక్ పుల్లల ఇయర్ బడ్స్, బెలూన్ పుల్లలు, అలంకరణకు వాడే థర్మాకోల్, మిఠాయి పెట్టెల చుట్టూ చుట్టే పలుచని ఫిల్ము వంటివి ఉన్నాయి. అమ్మకం ఆపేస్తే సరిపోతుందని బాబాయి అనుకున్నారు. కాని జూలై 1న వెనక గదిలో స్పూన్ల కట్టలు ఉన్నా అది ఉల్లంఘనే. కాబట్టి కాగితం మీద జూలై 1 ఒక్కటే రాస్తే ఆయనకు మేలు చేసినట్టు కాదు. ఇద్దరం కూర్చుని సరుకు లెక్క తీశాం. గ్లాసులు రోజుకు రెండు మూడు కట్టలు పోతున్నాయి, అటకమీద 140 కట్టలున్నాయి. ఆ వేగంతో జూలై 1 లోపు అవి అతికష్టం మీద అయిపోతాయి. అందుకే "గ్లాసులు, ప్లేట్లు: ఈ రోజు నుంచి కొనుగోలు బంద్" అని మొదటి తేదీగా రాశాను. ఆ తేదీ గెజిట్‌లో ఎక్కడా లేదు, అయినా కొట్టుకు అసలైన గడువు అదే.

క్యారీ బ్యాగుల దగ్గర నేను తప్పు చేశాను. మొదటి చిత్తులో 75 మైక్రాన్లు అని మాత్రమే రాశాను. మళ్లీ చదివితే తేదీలు రెండు కనిపించాయి. 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు తగ్గకూడదు, 2022 డిసెంబరు 31 నుంచి 120కి తగ్గకూడదు. అంటే నోటీసు వచ్చేనాటికే మొదటి గడువు దాటిపోయింది. నా మొదటి కాగితాన్ని నమ్మి బాబాయి ఏడాదికి సరిపడా 75 మైక్రాన్ల కవర్లు కొని ఉంటే, జనవరిలో అవన్నీ పనికిరాకుండా పోయేవి.

కవరు మందం చేత్తో తడిమి చెప్పలేం. హోల్‌సేల్ వ్యాపారి "ఇవి 120వి, నిశ్చింతగా ఉండండి" అని పంపిన కట్టను, మాకు తెలిసిన లేత్ వర్క్‌షాపుకు తీసుకెళ్లి మైక్రోమీటరుతో కొలిపించాను. సరిగ్గా 0.12 మిల్లీమీటర్లు చూపించింది. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాను కాబట్టి అది 120 అని సంతోషించాను. లేత్ పనివాడు కవరును అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఇది రెండు పొరలు కలిపి" అన్నాడు. పక్క కత్తిరించి ఒక్క పొర పెడితే 0.06 వచ్చింది. 60 మైక్రాన్లు, అంటే అప్పటికే అమల్లో ఉన్న హద్దుకే చాలదు. దాని మీద తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం కూడా ముద్రించి లేవు. ముద్ర లేకపోతే కొలవనక్కరలేదు, తిప్పి పంపేయడమే. ఈ రెండు పరీక్షలూ కాగితంలో మొదట రాశాను.

గుడ్డ సంచిలా కనిపించే నాన్‌వోవెన్ సంచులకు మందం లెక్క కాదు, బరువు లెక్క. చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదు. కొట్టు తక్కెడతోనే చూడవచ్చు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవున్న సంచికి రెండు వైపులా కలిపి 0.24 చదరపు మీటర్ల బట్ట. 60 గ్రాముల చొప్పున ఒక్కో సంచి 14.4 గ్రాములు, పది సంచులు 144 గ్రాములు. పిడులు తీసేసి తూచితే మాకు 110 వచ్చింది. వాటినీ తిప్పి పంపేశాం.

ఊరట కలిగించే మాట కూడా ఒకటి దొరికింది. ముందే సీలు వేసి అమ్మే సరుకు ప్యాకింగులో భాగమైన సంచి, నిర్వచనం ప్రకారం క్యారీ బ్యాగు కాదు. కంపెనీ సీలుతో వచ్చే కందిపప్పు ప్యాకెట్ల గురించి బాబాయికి ఉన్న బెంగ దాంతో తీరింది.

ఇక జరిమానా. సవరణ కాగితంలో ఎంత వెతికినా రూపాయి అంకె లేదు. అది 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం 15వ సెక్షన్‌లో ఉంది. ఆనాటికి గరిష్ఠంగా ఐదేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. బాబాయి మొహం పాలిపోయింది. పురపాలక కార్యాలయానికి వెళ్లి బైలా ప్రకారం దుకాణాలకు విధించే జరిమానా ఎంతో అడిగి, ఆ అంకెను విడిగా రాశాను. అది ఊరిని బట్టి మారుతుంది కాబట్టి ఇక్కడ ఇవ్వడం లేదు. చట్టంలోని గరిష్ఠ శిక్షనూ, కొట్టుకు మామూలుగా వచ్చిపడే జరిమానానూ ఒకే వరుసలో రాస్తే చదివేవాడు మొదటిదానికి హడలిపోతాడు, రెండోదాన్ని పట్టించుకోడు. అందుకే రెండింటికీ వేర్వేరు గీతలు గీశాను.

ఆ కాగితం ఇప్పటికీ గల్లా పెట్టె పైన గోడకే ఉంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ సెక్షన్ మారింది. ఈ ఉల్లంఘనకు నేరుగా జైలు అన్నది పోయి, పది వేల నుంచి పదిహేను లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది. ఆ నెల తెనాలి వెళ్లినప్పుడు పాత వరుస మీద తెల్ల కాగితం అతికించి, కొత్త అంకె రాసి, పక్కన తేదీ వేశాను.