50 లక్షల పీఎంఎస్: సంతకానికి ముందు వేసిన లెక్క

రేణిగుంట దగ్గర స్థలం అమ్మగా వచ్చిన దాంట్లో 50 లక్షలు పీఎంఎస్‌లో, అంటే మన పేరు మీదే షేర్లు కొని అమ్మే పనిని ఒక మేనేజర్‌కి అప్పగించే సేవలో, పెడదామని మా బావ, నేను అనుకున్నాం. సెబీ పెట్టిన కనీస మొత్తం అదే. పెద్ద ఇన్వెస్టర్ల డబ్బు ఒకచోట కలిపి పెట్టుబడి పెట్టే ఏఐఎఫ్ ఫండ్‌కి కోటి కావాలి, పైగా మొదటి రెండు కేటగిరీల్లో కనీసం మూడేళ్లు డబ్బు ఇరుక్కుపోతుంది. కాబట్టి దాని జోలికి పోలేదు.

తిరుపతికి వచ్చిన డిస్ట్రిబ్యూటర్ రెండు రకాల ఫీజులు చెప్పాడు. ఒకటి, ఏటా 2.5 శాతం. రెండోది, ఏటా 1 శాతంతో పాటు 10 శాతం దాటిన లాభంలో ఐదో వంతు. "లాభమొస్తేనే మాకు వాటా సార్, ఇంకేం కావాల?" అన్నాడు. బావకి రెండోదే నచ్చింది.

కాగితం మీద లెక్క వేశాం. ఏడాదిలో 20 శాతం పెరిగి 50 లక్షలు 60 లక్షలయ్యాయనుకుందాం. సులువు కోసం ఫీజును 50 లక్షల మీదే వేశాం. మొదటి పద్ధతిలో 18 శాతం జీఎస్టీతో కలిపి 1,47,500 పోతుంది. రెండో పద్ధతిలో ముందు 59,000 పోయి లాభం 9,41,000 మిగులుతుంది. 5 లక్షలు దాటిన 4,41,000లో ఐదో వంతు, దాని మీద జీఎస్టీ కలిపితే 1,04,076. మొత్తం 1,63,076. పెద్ద తేడా లేదు. అసలేమీ పెరగని ఏడాదిలో మాత్రం రెండోదే నయం: 59,000తో సరి.

అసలు చిక్కు అగ్రిమెంటులో 'క్యాచప్' అనే ఒక్క మాటలో ఉంది. అది ఉంటే, 10 శాతం గీత దాటాక వాటా ఆ పై భాగం మీద కాదు, మొత్తం లాభం మీద పడుతుంది. అప్పుడు మొత్తం ఫీజు 2,81,076, చేతికొచ్చే లాభం 14.4 శాతమే. ఆ మాట తీసేయిస్తేనే సంతకం అన్నాం. పాత గరిష్ఠ విలువ దాటితే తప్ప మళ్లీ వాటా తీసుకోకూడదన్న హై వాటర్‌మార్క్ నియమం ఉందో లేదో కూడా చూసుకున్నాం.

రాబడి మాటకొస్తే, బ్రోచర్‌లో గ్రాఫు పక్కన నిఫ్టీ 50 గీత పెట్టారు. నిఫ్టీలో ఉండేవి పెద్ద కంపెనీలు, పోర్ట్‌ఫోలియోలో ఉన్నవేమో ఎక్కువగా మిడ్‌క్యాప్, అంటే మధ్యస్థాయి కంపెనీల షేర్లు. పీఎంఎస్ కంపెనీల సంఘం ఏపీఎంఐ వెబ్‌సైట్‌లో ఆ స్ట్రాటజీ అంకెలు తీసి, డివిడెండ్లు కలిపిన మిడ్‌క్యాప్ సూచీతో పోల్చితే గ్రాఫులో నిఫ్టీ మీద కనిపించిన ఆధిక్యం చాలావరకు కరిగిపోయింది. అక్కడి రాబడి ఫీజులు పోగా చూపిస్తారు గానీ పన్ను పోగా కాదు. పీఎంఎస్‌లో షేర్లు మన డీమ్యాట్‌లోనే ఉంటాయి. మేనేజర్ ఏడాదిలోపు అమ్మిన ప్రతి లాభానికీ 20 శాతం పన్ను మన జేబులోంచే పోతుంది. అందుకే ఏడాదికి ఎంత భాగం షేర్లు మారుస్తారని అడిగి రాసుకున్నాం.

చివరికి కంపెనీ దగ్గరే డైరెక్ట్‌గా ఖాతా తెరిచాం. క్యాచప్ లేని రెండో పద్ధతి తీసుకున్నాం. మొదటి ఏడాది బయటికొస్తే 3 శాతం వరకు ఎగ్జిట్ లోడ్ అనే రుసుము తీసుకోవచ్చు, అంటే లక్షన్నర. స్థలం డబ్బులో బావ కూతురి పెళ్లికి కావలసింది అందుకే బ్యాంకు డిపాజిట్‌లోనే ఉంచాం.