పన్నెండు పేటల పేర్లు పెట్టి నేను తిన్న చీవాట్లు

ఇన్‌స్టాలో సెలూన్ పేజీ తెరవడం, ఫొటోలు పెట్టడం అరగంట పని. క్యాప్షన్ల దగ్గరే నా పరువు పోయింది.

పేజీ చూసుకోవడానికి పెట్టుకున్న కుర్రాడు ప్రతి పోస్టు కింద ఊళ్లోని పన్నెండు పేటల పేర్లు వరసగా రాసేవాడు. "ఎవరు ఏ పేట వెతికినా మనమే కనిపిస్తామండీ" అన్నాడు. నేనూ మురిసిపోయాను. మొన్న ఒకావిడ ఊరి ఆ చివర నుంచి వచ్చింది. "మా పేటలో ఉందని రాశారుగా, అక్కడంతా వెతికి వెతికి, చివరికి మ్యాప్ పట్టుకుని ఇక్కడికొచ్చాను. అబద్ధాలు రాసి బేరాలు పట్టుకుంటారా?" అని ముగ్గురు కస్టమర్ల ముందు కడిగేసింది. ఒకరి జుట్టుకి రంగు పూస్తూ బొమ్మలా నిలబడ్డాను. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?

ఆ రాత్రి నా పేజీని ఫాలో కాని మా చెల్లి ఫోన్లో మా పేట పేరు, పక్కన "హెయిర్ స్పా" కొట్టి చూశాను. మన ఫోన్లో చూస్తే మనకి మనమే పైన కనిపిస్తాం, అది నమ్మకండి. చెల్లి ఫోన్లో ఎంత కిందికి జరిపినా నేను లేను. పన్నెండు పేర్లలో మా పేట తొమ్మిదోది. పైగా అడ్రసులో ఉండే పాత పేరు. జనం పిలిచేది వేరు.

మర్నాటి నుంచి వచ్చిన ప్రతివాళ్లనీ "మా ఏరియా పేరు ఫోన్లో ఎలా కొడతారు?" అని అడిగి నోటుబుక్కులో రాశాను. ఇంగ్లీషు అక్షరాల్లో రెండు స్పెల్లింగులు ఎక్కువ వచ్చాయి. ఒక పోస్టులో ఒకటి, ఇంకో పోస్టులో రెండోది వాడుతున్నాను. ఇదే పేరు పేట వేరే ఊళ్లోనూ ఉంది కాబట్టి ఊరి పేరు కూడా చేరుస్తున్నాను.

క్యాప్షన్ మొదటి లైన్లోనే పని, పేట, గుర్తు: "హెయిర్ స్పా, ఫలానా పేట, బస్టాండు వెనక సందు". "మరిన్ని" నొక్కకపోతే కనిపించేది ఆ కాస్తే. కవిత్వం ఉంటే కింద రాసుకోండి. పక్క పేట పేరు వాడాలంటే "అక్కడి నుంచి నడిచి పది నిమిషాలు" అని నిజం రాయండి. లొకేషన్ ట్యాగ్ ఊరికి కాదు, సెలూన్‌కే పెట్టాలి. పాత పోస్టుల క్యాప్షన్లు కూడా ఎడిట్ చేయొచ్చు. నలభై నేనే కూర్చుని మార్చాను, కుర్రాడికి ఇవ్వలేదు.

ప్రొఫైల్లో పేరు పక్కన పేట చేర్చబోయి తొందరలో రెండుసార్లు మార్చాను. ఇక పద్నాలుగు రోజులు ముట్టుకోనివ్వదట. అందులో ఒక అక్షరం తప్పు, అలాగే ఉంది.

నిన్న వెనక సందులోని అమ్మాయి వచ్చింది. "ఇన్నాళ్లూ ఇక్కడ సెలూన్ ఉందనే తెలీదక్కా, నిన్న రాత్రి వెతికితే కనిపించింది" అంది. రోజూ మా బోర్డు కిందనుంచే వెళ్తుందట!